సి షిఫ్ట్ మనిషికి పది గంటల క్లాసు

జడ్చర్ల దగ్గరి పోలేపల్లిలోనో, పాశమైలారంలోనో, అటు పరవాడ ఫార్మా సిటీలోనో పనిచేసే వాళ్లను అడిగి చూడండి. షిఫ్ట్ ఆఫీసు తలుపు పక్కన ట్రైనింగ్ క్యాలెండర్ అని ఒక కాగితం అంటించి ఉంటుందని చెబుతారు. ఏ నెలలో ఏ క్లాసు, ఎవరు ఏ బ్యాచ్, ఏ గదిలో, ఎన్ని గంటలకు అన్నీ అందులో ఉంటాయి. అందరినీ ఒకేసారి కూర్చోబెడితే మెషీన్లు ఆగిపోతాయి కాబట్టి జనాన్ని మూడు నాలుగు బ్యాచ్‌లుగా విడగొడతారు. ఇక్కడిదాకా బాగానే ఉంది. చిక్కంతా ఆ కాగితాన్ని తయారుచేసేది తొమ్మిదికి వచ్చి ఐదున్నరకు వెళ్లే జనరల్ షిఫ్ట్ వాళ్లు కావడంలో ఉంది. వాళ్లకు పొద్దున పది గంటలు అనుకూలమైన సమయం. రాత్రి పదికి డ్యూటీ ఎక్కి తెల్లారి ఆరుకు దిగే సి షిఫ్ట్ వాళ్లకు అది నడి నిద్ర వేళ.

అందుకే క్లాసులు తప్పిపోతుంటాయి. తప్పిపోయాక హెచ్‌ఆర్‌కు సంజాయిషీ రాయాలి, ఇంకో బ్యాచ్‌లో చోటు అడగాలి. చాలామంది దీన్ని సెలవు చీటీ లాంటిదే అనుకుని, "అనివార్య కారణాల వల్ల హాజరు కాలేకపోయాను, దయచేసి మన్నించగలరు" అని రెండు ముక్కలు రాసి పడేస్తారు. వేరే ఆఫీసుల్లో అది సరిపోతుందేమో. మందుల ఫ్యాక్టరీలో సరిపోదు. కారణం తెలియాలంటే ముందు ఆ క్లాసు ఎందుకు తప్పనిసరో చూడాలి.

వాటిలో ముఖ్యమైనది ఏటా జరిగే జీఎంపీ క్లాసు. జీఎంపీ అంటే మందును తయారుచేసేటప్పుడు పాటించాల్సిన కట్టుబాట్లు. చేతులు ఎలా కడుక్కోవాలన్న దగ్గర నుంచి, రికార్డులో తప్పు రాస్తే ఎలా కొట్టేసి సంతకం పెట్టాలన్న దాకా అన్నీ అందులోకే వస్తాయి. మన దేశంలో వీటిని చెప్పేది డ్రగ్స్ రూల్స్‌లోని షెడ్యూల్ ఎం. దాన్ని 2023 డిసెంబరులో కేంద్రం సవరించి కట్టుదిట్టం చేసింది. అమెరికాకు మందులు పంపే ఫ్యాక్టరీలైతే అక్కడి ఎఫ్‌డీఏ నిబంధనలకూ కట్టుబడాలి. ఆ నిబంధనల్లో 211.25 అనే సెక్షన్ ఉంది. మందు తయారీలో చెయ్యి పెట్టే ప్రతి మనిషికీ తాను చేసే పనిలో శిక్షణ ఉండాలని, జీఎంపీ శిక్షణ ఒకసారితో ముగియకుండా తరచుగా సాగుతూ ఉండాలని అది చెబుతుంది. ఎన్నాళ్లకోసారి అన్న లెక్కను కంపెనీయే తన ఎస్‌ఓపీలో, అంటే పని పద్ధతిని రాసిపెట్టుకున్న పత్రంలో, నిర్ణయించుకుంటుంది. ఏడాదికోసారి అని అక్కడ రాసుకున్నాక ఇక అదే దానికి చట్టం. పదమూడో నెల వచ్చిందంటే మాట తప్పినట్టే.

తనిఖీకి వచ్చిన వాళ్లు దీన్ని ఎలా పట్టుకుంటారో చూస్తే ఉత్తరం విలువ అర్థమవుతుంది. వాళ్లు ట్రైనింగ్ ఫైలు దగ్గర మొదలుపెట్టనక్కర్లేదు. ఏదో ఒక మందు బ్యాచ్ రికార్డు తీసుకుంటారు. మాత్రలు ఒత్తిన పేజీలో ఎవరు సంతకం పెట్టారో, ఏ తేదీన పెట్టారో రాసుకుంటారు. ఆ మనిషి ట్రైనింగ్ ఫైలు తెమ్మంటారు. ఆ తేదీ నాటికి అతని శిక్షణ గడువులో ఉందా లేదా చూస్తారు. అనుమానం వస్తే క్లాసు హాజరు పట్టీని, గేటు దగ్గర వేలిముద్ర యంత్రంలో నమోదైన సమయాలను పక్కపక్కన పెట్టిస్తారు. పట్టీలో సంతకం ఉండి గేటు లెక్కలో మనిషి లేకపోతే అది మామూలు గైర్హాజరు కాదు, దొంగ రికార్డు. అంటే క్లాసు తప్పిన మనిషి రాసే కాగితం కూడా రేపు ఈ వరసలో ఒక రికార్డే అవుతుంది. దాన్ని మన్నింపు కోసం కాకుండా లెక్క సరిగ్గా ఉండటం కోసం రాయాలని నేననేది ఇందుకే.

ఒక కేసును మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. మాత్రలు ఒత్తే కంప్రెషన్ విభాగంలో ఒక ఆపరేటర్ ఉన్నాడనుకుందాం. ఈ వారం అతనిది సి షిఫ్ట్. జీఎంపీ క్లాసుకు మూడు బ్యాచ్‌లు వేశారు. గురువారాలు 12, 19, 26 తేదీల్లో, పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా. అతని పేరు మొదటి బ్యాచ్‌లో ఉంది. అతని పాత శిక్షణ గడువు 30వ తేదీతో తీరిపోతుంది.

11వ తేదీ రాత్రి డ్యూటీ ఎక్కాడు. తెల్లవారుజామున ఐదూ ఇరవైకి మాత్రల బరువు చూస్తుంటే కొన్ని హద్దు దాటి వస్తున్నాయి. మెషీన్ ఆపి చూస్తే ఒక పంచ్ మొన విరిగి ఉంది. పంచ్ అంటే పొడిని నొక్కి మాత్రగా చేసే ఉక్కు కడ్డీ. దాని ముక్క మాత్రల్లో కలిసి ఉండొచ్చు కాబట్టి ఇక్కడ తొందరపడటానికి లేదు. అంతకుముందు బరువు సరిగ్గా చూసుకున్న సమయం నుంచి తయారైన మాత్రలన్నిటినీ వేరు చేసి, లేబుల్ కట్టి, తూకం వేసి, క్యూఏ వాళ్లను పిలిచి చూపించాలి. క్యూఏ అంటే నాణ్యతకు పూచీ పడే విభాగం. ఆరింటికి రిలీవర్ వేళకే వచ్చాడు. కానీ ఏ డబ్బాలో ఎప్పటి మాత్రలున్నాయో చెప్పి రాయాల్సింది కళ్లారా చూసిన మనిషే. అదంతా తేలేసరికి ఎనిమిదీ పావు. ఆరున్నర బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. "రాత్రంతా మేలుకున్నావ్, ఇంటికెళ్లి పడుకో, క్లాసు సంగతి నేను చూసుకుంటాలే" అన్నాడు సూపర్‌వైజర్. అతను షేర్ ఆటో పట్టుకుని ఇంటికెళ్లాడు. సూపర్‌వైజరూ డ్యూటీ దిగి వెళ్లిపోయాడు. హెచ్‌ఆర్‌కు ఎవరూ చెప్పలేదు. పదింటికి హాజరు పట్టీలో అతని పేరు ఎదురుగా ఆబ్సెంట్ అని పడింది.

ఇందులో ఎవరిదీ పెద్ద తప్పు లేదు, మాట అందకపోవడం తప్ప. ఇప్పుడు అతను "ఒంట్లో బాగోలేక రాలేకపోయాను" అని రాశాడనుకోండి. పాపం, సూపర్‌వైజర్‌ను ఇరికించడం ఇష్టంలేక చాలామంది అలాగే రాస్తారు. కానీ గేటు లెక్కలో అతను ఎనిమిదిన్నర దాకా లోపలే ఉన్నాడు. మెషీన్ లాగ్‌బుక్‌లో ఎనిమిదీ పావుకు అతని సంతకం ఉంది. పైగా మందుల ఫ్యాక్టరీలో ఒంట్లో బాగోలేదన్న మాటకు వేరే బరువుంది. విరేచనాలు, చర్మం మీద పుండ్లు లాంటివి ఉన్న మనిషిని మందుకు నేరుగా తగిలే పనిలో ఉంచకూడదు. "ఒంట్లో బాగోకపోతే రాత్రి షిఫ్ట్ ఎలా చేశావ్, డాక్టర్ గదిలో ఎందుకు చెప్పలేదు" అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. చిన్న అబద్ధం పోయి మంచి బ్యాచ్‌నే అనుమానంలోకి లాగుతుంది. నిజంగా జబ్బు చేసి క్లాసు తప్పితే మాత్రం దాన్ని సొంత పని అని దాచకూడదు. డాక్టర్ గది చీటీ జత చేయాలి.

"సూపర్‌వైజర్ పంపలేదు" అని రాయడం రెండో తప్పు. అది నిజానికి దగ్గరగా ఉన్నా నిజం కాదు, ఫిర్యాదులా వినిపిస్తుంది. హెచ్‌ఆర్ దాన్ని సూపర్‌వైజర్‌కు పంపుతుంది, ఆయన జవాబు రాస్తాడు, వారం గడిచిపోతుంది, ఆలోగా 19వ తేదీ బ్యాచ్ నిండిపోతుంది. మెషీన్‌కు ఏమైంది, ఎన్నింటికి, ఎక్కడ రాసి ఉంది అన్నంతవరకు చెబితే ఎవరినీ వేలెత్తి చూపనక్కర్లేదు. జరిగింది లాగ్‌బుక్కే చెబుతుంది.

ఇక ఏ తేదీ అడగాలి? "వీలైనంత త్వరగా ఇంకో బ్యాచ్‌లో వేయండి" అంటే హెచ్‌ఆర్ కళ్లు మూసుకుని 19వ తేదీలో వేస్తుంది. వచ్చే వారం అతనిది బి షిఫ్ట్, మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా. 19న క్లాసుకు రావాలంటే తొమ్మిది గంటల జనరల్ బస్సులో రావాలి, పది నుంచి ఒంటిగంట దాకా కూర్చోవాలి, రెండింటికి మెషీన్ ఎక్కాలి, రాత్రి పదికి దిగాలి. దాదాపు పదమూడు గంటలు ఫ్యాక్టరీలోనే. ఆ పై వారం 26న అతనిది ఏ షిఫ్ట్, పొద్దున ఆరు నుంచి రెండు దాకా. క్లాసు డ్యూటీ మధ్యలోనే పడుతుంది, మూడు గంటలకు మెషీన్ దగ్గర ఇంకో మనిషి ఉంటే చాలు. గడువు 30 కాబట్టి 26 సరిపోతుంది. కాకపోతే అదీ తప్పితే చేతిలో నాలుగు రోజులే మిగులుతాయి, ఇంకో బ్యాచ్ ఉండదు. కాబట్టి మొదట 26 అడిగి, అక్కడ చోటు లేకపోతే 19కి రావడానికి సిద్ధమని చెప్పాలి. అప్పుడు జవాబు ఎప్పటిలోగా కావాలో కూడా రాయాలి. లేకపోతే 26 కుదరదన్న మాట 20న వస్తుంది.

ఉత్తరం అందించడంలోనూ ఒక చిక్కుంది. సి షిఫ్ట్ మనిషి రాత్రి పదికి వచ్చేసరికి హెచ్‌ఆర్ గదికి తాళం పడి ఉంటుంది, పొద్దున ఆరుకు దిగేసరికి ఇంకా తీయరు. వారమంతా వాళ్లను చూడనే చూడడు. అందుకని ఆ రాత్రే రాసి షిఫ్ట్ సూపర్‌వైజర్ చేతిలో పెట్టి, మెయిల్‌గా పంపించమని అడగాలి. ఆపరేటర్ తెలుగులో చెబితే సూపర్‌వైజర్ ఇంగ్లిషులో కొట్టడం చాలాచోట్ల మామూలే. భాష ఏదైనా సరుకు ఇలా ఉండాలి:

"హెచ్‌ఆర్ ట్రైనింగ్ విభాగానికి,

విషయం: 12వ తేదీ జీఎంపీ క్లాసుకు రాలేకపోవడం, 26వ తేదీ బ్యాచ్‌లో చోటు కోసం.

సార్ / మేడమ్, నేను కంప్రెషన్ విభాగంలో ఆపరేటర్‌ని. 12వ తేదీ పొద్దున పది గంటల జీఎంపీ క్లాసులో నా పేరు ఉంది. నేను క్లాసుకు రాలేదు. హాజరు పట్టీలో సంతకం చేయలేదు, పరీక్ష రాయలేదు.

11వ తేదీ రాత్రి సి షిఫ్ట్‌లో ఉన్నాను. తెల్లవారుజామున 5.20కి 3వ నంబరు మెషీన్‌లో పంచ్ విరగడంతో మెషీన్ ఆపాను. మాత్రలు వేరు చేసి క్యూఏకి అప్పజెప్పేసరికి 8.15 అయింది. ఈ వివరాలు మెషీన్ లాగ్‌బుక్‌లో ఉన్నాయి. రాత్రి డ్యూటీ తర్వాత క్లాసుకు ఉండలేక ఇంటికి వెళ్లాను. రావడం లేదని క్లాసుకు ముందు మీకు తెలియజేయలేదు.

నా పాత శిక్షణ గడువు 30వ తేదీ వరకు ఉంది. 26న నాది ఏ షిఫ్ట్. ఆ రోజు పది నుంచి ఒంటిగంట వరకు రిలీవర్‌ని ఇవ్వడానికి సూపర్‌వైజర్ ఒప్పుకున్నారు, ఆయన సంతకం కింద ఉంది. 26న చోటు లేకపోతే 19న వస్తాను. అప్పుడు నాకు జనరల్ షిఫ్ట్ బస్సు ఎక్కడానికి అనుమతి కావాలి. ఏ తేదీ అన్నది 17 సాయంత్రంలోగా తెలియజేయగలరు.

30లోగా క్లాసు కుదరకపోతే ఆ తర్వాత నన్ను ఏ పనిలో ఉంచాలో క్యూఏతో మాట్లాడి చెప్పగలరు. ఈ ఉత్తరం కాపీ డిపార్ట్‌మెంట్ హెడ్‌కు, క్యూఏకు ఇస్తున్నాను."

ఇందులో క్షమాపణ పదం లేదు. పెట్టుకుంటే పెట్టుకోవచ్చు, నష్టమేమీ లేదు. "సంతకం చేయలేదు, పరీక్ష రాయలేదు" అన్న ముక్క మాత్రం పోకూడదు. అది చాలామందికి అనవసరంగా తోస్తుంది. కానీ పెద్ద ప్రమాదం దాగి ఉన్నది అక్కడే. క్లాసు అయిన రెండు రోజులకు ఎవరో ఒకరు పట్టీ పట్టుకుని వచ్చి, "అన్నా, నీ ఒక్కడిదే ఖాళీగా ఉంది, ఒక సంతకం పడెయ్, అయిపోతుంది" అంటారు. చెడు ఉద్దేశంతో కాదు, పని సులువవుతుందని. పెట్టేస్తే ఇంకో బ్యాచ్ గొడవే ఉండదు. కానీ అది లేనిచోట ఉన్నట్టు, లేని రోజున పెట్టిన సంతకం. మందుల రంగంలో ప్రతి రికార్డూ ఎవరిదో తెలిసేలా, పని జరిగినప్పుడే రాసినదై ఉండాలని అంటారు. ఆ నియమానికి ఇంతకన్నా తిన్నగా ఎదురు వెళ్లడం ఉండదు. క్లాసు తప్పడం తనిఖీలో చిన్న లోపం, సరిదిద్దుకునే దారి ఉంది. తర్వాత పెట్టిన ఒక్క సంతకం దొరికితే ఆ పట్టీలోని మిగతా సంతకాలనూ, ఆ తర్వాత ఆ ఫ్యాక్టరీ రాసిన మిగతా రికార్డులనూ అనుమానంగా చూడటం మొదలవుతుంది. 2013లో రాన్‌బాక్సీ అమెరికా కోర్టులో నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు కట్టడానికి సిద్ధపడింది. అక్కడ విషయం క్లాసు పట్టీలు కావు, కల్తీ కింద లెక్కకొచ్చిన మందులు, ఎఫ్‌డీఏకు చెప్పిన తప్పుడు మాటలు. కానీ రికార్డులో అబద్ధం ఎంతదాకా తీసుకెళ్తుందో ఈ రంగంలో ఉన్నవాళ్లకు ఆ పేరు చెబితే చాలు. ఉత్తరంలో ముందే "సంతకం చేయలేదు" అని రాసి క్యూఏకు కాపీ ఇచ్చేశాక, ఆ పట్టీ పట్టుకుని ఎవరూ రారు.

హెచ్‌ఆర్ వైపు నుంచి చూస్తే వాళ్ల చేతిలో ఉన్నదీ కొంతే. 26న చోటు ఇవ్వగలరు, బస్సుకు చెప్పగలరు. చోటు లేకపోతే ట్రైనర్‌తో మాట్లాడి విడిగా ఒకరిద్దరికి క్లాసు పెట్టించగలరు. క్లాసు ఎంత విడిగా జరిగినా పట్టీ వేరేగా ఉండాలి, దాని మీద ఆ రోజు తేదీయే ఉండాలి, పరీక్ష రాసి పాస్ కావాలి. అంతేగానీ "ఈసారికి అయినట్టు రాసేద్దాం" అనే అధికారం వాళ్లకు లేదు. ఏ ఉత్తరమూ రాని శిక్షణను వచ్చినట్టు చేయలేదు. గడువు తీరిపోయేలా ఉంటే ముందే క్యూఏకు చెప్పి, కంపెనీ ఎస్‌ఓపీ ఒప్పుకుంటే పొడిగింపు తీసుకోవాలి. తీరిపోయాక తెలిస్తే డీవియేషన్ రాయాలి. అంటే పద్ధతి తప్పిందని నమోదు చేసి, ఎందుకు తప్పిందో, ఆ మధ్యలో ఆ మనిషి ముట్టుకున్న మందుల మీద ప్రభావమేమిటో విచారించాలి. ఉత్తరంలో చివరి పేరా అందుకే. దాన్ని ఆపరేటర్ ముందే అడిగేశాడు కాబట్టి 1వ తేదీ పొద్దున అతన్ని మెషీన్ ఎక్కించాలా వద్దా అన్నది ఇక అతని నెత్తిన ఉండదు.

ఈ పొడిగింపు, డీవియేషన్ గొడవలు ఏటా జరిగే క్లాసువి. ఎస్‌ఓపీ మారినప్పుడు పెట్టే క్లాసు తప్పితే ఇంత తీరిక ఉండదు. కొత్త ఎస్‌ఓపీ మీద అది అమల్లోకి వచ్చే తేదీ ఉంటుంది. ఆ తేదీ నాటికి క్లాసు కాని మనిషి ఆ పని చేయకూడదు, అంతే. మిగతా పనులు చేసుకోవచ్చు. అక్కడ ఉత్తరం ఆ రోజే వెళ్లాలి, అడగాల్సిందీ ఇంకో బ్యాచ్ మాత్రమే కాదు, క్లాసయ్యేదాకా ఆ పనికి తన పేరు వేయొద్దని కూడా.

మళ్లీ మన ఆపరేటర్ దగ్గరికొస్తే, వచ్చే వారం బి షిఫ్ట్‌లో రెండింటికి వస్తాడు, హెచ్‌ఆర్ ఐదున్నర దాకా ఉంటుంది. 17 మంగళవారం. ఆ సాయంత్రానికి జవాబు రాకపోతే టీ విరామంలో స్వయంగా వెళ్లి అడగొచ్చు. 26 ఖాయమైతే ఇంకొక్క సంగతి రిలీవర్‌తో మాట్లాడుకోవాలి. క్లాసు పదింటికే అయినా, మెషీన్ అప్పజెప్పి, లాగ్‌బుక్ రాసి, లోపలి బట్టలు, టోపీ, బూట్ల కవర్లు విప్పి మామూలు బట్టలేసుకుని క్లాసు గదికి రావడానికి టైము పడుతుంది. కాబట్టి రిలీవర్ మెషీన్ దగ్గరికి తొమ్మిదిన్నరకే రావాలి.